జిమ్ రోజుకో కంచం, రెస్ట్ రోజుకో కంచం

ఆదివారం మధ్యాహ్నం అత్తగారింట్లో మటన్ ఉడుకుతోంది. వీధి మలుపు దాకా మసాలా వాసన. అందరం కంచాల ముందు కూర్చుంటే, మా బావమరిది మాత్రం ఒక గిన్నెలో కీరా ముక్కలు, ఉడికించిన గుడ్ల తెల్లసొనలు వేసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. అత్తయ్య గరిటె పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేంట్రా, ఆదివారం పూట?"

"ఈ రోజు రెస్ట్ డే అమ్మా. పదహారు వందలే."

"పదహారు వందలేంటి?" అని అత్తయ్య నా వంక చూసింది. క్యాలరీలని చెప్పాను. ఆవిడకు అర్థమైందో లేదో గానీ, తెచ్చిన రెండు ముక్కలూ నా కంచంలో వేసి లోపలికి వెళ్లిపోయింది.

మా వాడికి 34 ఏళ్లు. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. కూకట్‌పల్లిలో ఉంటాడు, పొద్దంతా కంప్యూటర్ ముందే పని. వారానికి నాలుగు రోజులు, సోమ, మంగళ, గురు, శుక్రవారాల్లో సాయంత్రం ఏడింటికి జిమ్‌కు వెళ్లి బరువులు ఎత్తుతాడు. పొట్ట తగ్గాలి, కండ పోకూడదు అన్నది లక్ష్యం. జిమ్‌లో ట్రైనర్ వాట్సాప్‌లో ఒక పట్టిక పంపించాడు. జిమ్ రోజుల్లో 2300 క్యాలరీలు, రెస్ట్ రోజుల్లో 1600. దీన్నే క్యాలరీ సైక్లింగ్ అంటారు. బాడీ బిల్డింగ్ చేసేవాళ్లలో ఇది పాత అలవాటే. జిమ్ రోజున పిండిపదార్థాలు ఎక్కువ, మిగతా రోజుల్లో తక్కువ అనే పద్ధతిని స్వీడన్‌కు చెందిన మార్టిన్ బెర్ఖాన్ తన లీన్‌గెయిన్స్ పద్ధతితో ఇంటర్నెట్ తరానికి బాగా పరిచయం చేశాడు. అక్కడి నుంచి మన గల్లీ జిమ్‌ల దాకా వచ్చింది.

"జిమ్ రోజున తిన్నది కండకు పోతుంది, రెస్ట్ రోజున తక్కువ తింటే కొవ్వు కరుగుతుంది. రోజూ ఒకేలా తింటే రెండూ జరగవు బావా" అన్నాడు మా వాడు. వినడానికి ముచ్చటగా ఉంది. నిజమేనా? ఇంటికొచ్చాక ఒక కాగితం తీసుకున్నాను.

కాగితం మీద లెక్క

ముందు అతని ఒంటికి రోజుకు ఎంత ఖర్చవుతుందో తెలియాలి. దీనికి పోషకాహార నిపుణులు ఎక్కువగా వాడే సూత్రం మిఫ్లిన్-సెంట్ జోర్. 1990లో వచ్చింది. బరువును 10తో, ఎత్తును 6.25తో, వయసును 5తో గుణిస్తారు. మొదటి రెండూ కూడి, మూడోది తీసేస్తారు. మగవాళ్లకైతే చివర 5 కలుపుతారు, ఆడవాళ్లకైతే 161 తీసేస్తారు. మా వాడికి 780కి 1075 కలిపి, 170 తీసేసి, 5 కలిపితే 1690. రోజంతా కదలకుండా పడుకున్నా గుండె, కాలేయం, మెదడు కలిసి ఖర్చు చేసేది ఇంత. కుర్చీ ఉద్యోగం, ఇంట్లో అటూ ఇటూ తిరగడం, తిన్నది అరగడం అన్నీ కలిపి దీన్ని 1.35తో గుణిస్తే రమారమి 2280. ఇది అతని రెస్ట్ రోజు ఖర్చు.

జిమ్ రోజున దీనికి ఎంత కలుస్తుంది? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గంటసేపు బరువులెత్తితే, మధ్యలో సెట్‌కూ సెట్‌కూ మధ్య నిలబడే సమయం పోను, ఆ బరువున్న మనిషికి అదనంగా ఖర్చయ్యేది 200 నుంచి 300 క్యాలరీలు. మధ్యస్థంగా 250 అనుకుందాం. అంటే జిమ్ రోజు ఖర్చు 2530.

వారానికి నాలుగు జిమ్ రోజులు, మూడు రెస్ట్ రోజులు. మొత్తం ఖర్చు 16,960. ట్రైనర్ పట్టిక ప్రకారం తినేది నాలుగు 2300లు, మూడు 1600లు, వెరసి 14,000. వారానికి లోటు 2,960. ఒక కిలో ఒంటి కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలుంటాయని లెక్క వేస్తే, ఇది వారానికి 400 గ్రాములకు కాస్త తక్కువ. నెలకు కిలోన్నర. మంచి వేగమే, తొందరపాటు కాదు.

ఇప్పుడు అదే మనిషి రోజూ 2000 క్యాలరీలు తింటే? ఏడు రెండువేలు 14,000. వారం లోటు మళ్లీ అదే 2,960. సోమవారం ఎంత, ఆదివారం ఎంత అన్నది మారింది గానీ, వారాంతంలో మిగిలే లెక్కలో ఒక్క క్యాలరీ తేడా లేదు. కొవ్వు కరగడం ఈ వారం లెక్కను బట్టే జరుగుతుంది.

అదే కాగితం మీద ఇంకో సంగతి కనిపించింది. జిమ్ రోజుకూ రెస్ట్ రోజుకూ మా వాడి ఒంటి ఖర్చులో తేడా 250 మాత్రమే. పట్టికలో పెట్టిన తేడా 700. ఖర్చును బట్టి తినాలన్నదే సిద్ధాంతమైతే, జిమ్ రోజున సుమారు 2100, రెస్ట్ రోజున 1850 తినాలి. 250 క్యాలరీలంటే ఎంత? 100 గ్రాముల బియ్యంలో సుమారు 355 క్యాలరీలుంటాయి. కాబట్టి 70 గ్రాముల బియ్యం. రైస్ కుక్కర్‌తో వచ్చే చిన్న కప్పు నిండా పోస్తే దాదాపు 150 గ్రాములు పడతాయి. అందులో సగం కప్పు కూడా కాదు. జిమ్ రోజు కంచానికీ రెస్ట్ రోజు కంచానికీ నిజంగా ఉండాల్సిన తేడా అంతే. మిగిలిన 450 క్యాలరీల తేడా ట్రైనర్ కలం పెట్టింది, కండరం అడిగింది కాదు.

అర్ధరాత్రి పన్నెండుకు లెక్క తెగదు

సరే, కొవ్వు మాట అలా ఉంచుదాం. కండ సంగతేంటి? జిమ్ రోజున ఎక్కువ తింటే ఆ తిండి నేరుగా కండకు చేరుతుందన్న మాటలో కొంత నిజం ఉండొచ్చు కదా?

ఉంది. కాకపోతే "రోజు" అనే మాట దగ్గర తిరకాసు ఉంది. బరువులెత్తాక కండరంలో కొత్త మాంసకృత్తుల నిర్మాణం ఊపందుకుంటుంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 1995లో దీన్ని కొలిచారు. కసరత్తు అయిన నాలుగు గంటలకు ఆ వేగం మామూలు కంటే సగం పెరిగింది. ఇరవై నాలుగు గంటలకు రెట్టింపు దాటింది. ముప్ఫై ఆరు గంటలకు దాదాపు మామూలు స్థితికి వచ్చింది.

మా వాడు జిమ్‌కు వెళ్లేది సాయంత్రం ఏడింటికి. మంగళవారం ఎనిమిదిన్నరకు ఇంటికొచ్చి అన్నం తింటాడు. అప్పటికే మంగళవారం టిఫిను, మధ్యాహ్నం భోజనం అయిపోయాయి. అంటే ఆ 2300లో మూడింట రెండొంతులు కసరత్తుకు ముందే కడుపులో పడ్డాయి. కండరం గట్టిగా పని చేసే వేళ బుధవారం సాయంత్రం. పట్టికలో ఆ రోజు రెస్ట్ డే, 1600. కూలీలు ఇంటి గోడ కడుతున్న రోజునే ఇటుకల బండిని సగంలో ఆపినట్టయింది.

కండరంలో దాచుకునే చక్కెర, గ్లైకోజెన్ కథ కూడా ఇంతే. బరువులెత్తడానికి ప్రధానంగా వాడుకునే ఇంధనం ఇదే. మనిషి కండరాల్లో అంతా కలిపి 400, 500 గ్రాముల దాకా ఉంటుంది. కాళ్లకు గట్టిగా కసరత్తు చేస్తే ఆ కండరాల్లో నిల్వ పావు వంతో, మూడో వంతో తగ్గుతుంది. అన్నం, రొట్టె, పండు లాంటివి సరిపడా తింటే తిరిగి నిండడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. గురువారం సాయంత్రం ఎత్తే బరువుకు ఇంధనం వచ్చేది బుధవారం రాత్రి భోజనం నుంచి, గురువారం మధ్యాహ్నం భోజనం నుంచి. పొద్దున్నే ఆరింటికి జిమ్‌కు వెళ్లేవాళ్లకైతే ఇంకా చిత్రం. ఖాళీ కడుపుతో బరువులెత్తేటప్పుడు వాళ్లు వాడుకునేది పూర్తిగా నిన్నటి తిండే. ఆ నిన్న రెస్ట్ డే అయితే, పట్టిక ప్రకారం అది అర్ధాకలి రోజు.

క్యాలెండర్‌లో తేదీ మారినంత మాత్రాన ఒంట్లో ఖాతా మూసి కొత్తది తెరవరు. అందుకే జిమ్ రోజు, రెస్ట్ రోజు అని రెండు ముక్కలుగా నరికి చూడటం కాగితం మీద బాగుంటుంది గానీ కండరానికి ఆ గీత తెలియదు.

ఇంకో మాట కూడా వినిపిస్తుంటుంది. రోజూ తక్కువ తింటే ఒళ్లు అలవాటు పడిపోయి ఖర్చు తగ్గించుకుంటుందని, మధ్య మధ్యలో ఎక్కువ తింటే ఆ యంత్రం మళ్లీ వేడెక్కుతుందని. బరువు తగ్గే కొద్దీ ఒంటి ఖర్చు కొంత తగ్గడం నిజమే. ఆకలిని అదుపులో పెట్టే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గడమూ నిజమే. కానీ మా వాడి "ఎక్కువ" రోజును చూడండి. ఖర్చు 2530, తినేది 2300. అది కూడా లోటు రోజే. ఒంటికి అది పండగ కింద లెక్కకు రాదు.

ప్రయోగశాల ఏమంది

ఎక్కువ రోజులు, తక్కువ రోజులు అని మార్చి మార్చి తినడాన్ని రోజూ ఒకే మోతాదుతో పోల్చిన ప్రయోగాలు కొన్ని జరిగాయి. వాటిలో మూడు చెప్పుకోవాలి.

మొదటిది 2020లో అమెరికాలోని సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. క్రమం తప్పకుండా బరువులెత్తే 27 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు ఏడు వారాల పాటు రోజూ అవసరం కంటే 25 శాతం తక్కువ తింది. రెండో జట్టు ఐదు రోజులు 35 శాతం తక్కువ తిని, వరసగా రెండు రోజులు పిండిపదార్థాలు పెంచి పూర్తి అవసరం మేరకు తింది. వారం మొత్తం మీద రెండు జట్ల కోతా ఒకటే. కొవ్వు రెండు జట్లలోనూ దాదాపు ఒకేలా తగ్గింది. కొవ్వు కాని బరువు మాత్రం రెండో జట్టులో 0.4 కిలోలు పోతే, రోజూ ఒకేలా తిన్న జట్టులో 1.3 కిలోలు పోయింది. సైక్లింగ్ వైపు వాదించేవాళ్లు ఎప్పుడూ చూపించేది ఈ ఫలితాన్నే.

అయితే 2021లో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇంకాస్త పెద్ద ప్రయోగం ఫలితాలు వచ్చాయి. అందులో బరువులెత్తే అలవాటున్నవాళ్లు 61 మంది. సగం మంది పన్నెండు వారాలు ఏకధాటిగా తక్కువ తిన్నారు. మిగతావాళ్లు మూడు వారాలు తక్కువ తిని ఒక వారం పూర్తిగా తింటూ అదే పన్నెండు వారాల కోతను పూర్తి చేశారు. ఇక్కడ కొవ్వు తగ్గడంలోనూ తేడా లేదు, కండ నిలవడంలోనూ తేడా లేదు. కనిపించిన తేడా ఆకలిలో. మధ్యలో విరామం దొరికినవాళ్లకు ఆకలి బాధ తక్కువగా ఉంది.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. 2017లో షికాగోలో వంద మంది స్థూలకాయుల మీద ఏడాది పాటు చేశారు. ఒక జట్టుకు రోజు విడిచి రోజు దాదాపు ఉపవాసం, అవసరంలో పావు వంతే. మర్నాడు అవసరం కంటే పావు వంతు ఎక్కువ. రెండో జట్టుకు రోజూ ఒకే కోత. ఏడాది చివర బరువు తగ్గడంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. రోజు విడిచి రోజు జట్టులో మధ్యలో మానేసినవాళ్లు 38 శాతం, రోజూ ఒకేలా తిన్న జట్టులో 29 శాతం. మానేయనివాళ్లు కూడా ఏం చేశారంటే, ఉపవాసం రోజున చెప్పిన దాని కంటే ఎక్కువ తిన్నారు, విందు రోజున చెప్పిన దాని కంటే తక్కువ తిన్నారు. పట్టిక ఎంత ఎగుడుదిగుడుగా రాసిచ్చినా మనుషులు వాళ్లంతట వాళ్లే సమతలం వైపు జారిపోయారు.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒకటి తేలుతుంది. కొవ్వు కరిగించడంలో సైక్లింగ్‌కు ప్రత్యేకమైన శక్తి ఏమీ లేదు. కండ విషయంలో ఒక చిన్న ప్రయోగం అవునంటే, దాని కంటే పెద్దది కాదంది. మిగిలింది ఆకలి, ఓపిక. ఏ పద్ధతిలో మనిషి ఎక్కువ వారాలు నిలబడగలడన్నదే అసలు ప్రశ్న.

ఎక్కడ తప్పుతుంది

మా వాడు ఆ పట్టికను ఆరు వారాలు పాటించాడు. పొద్దున్నే లేచి, బాత్రూమ్ పని అయ్యాక, ఏమీ తినక ముందు బరువు చూసి ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకునేవాడు. నాలుగో వారంలో ఒక బుధవారం పొద్దున ఫోన్ చేశాడు.

"బావా, సోమవారం 76.4 ఉన్నా. ఈ రోజు 77.3. రెండు రోజుల్లో తొమ్మిది వందల గ్రాములు పెరిగా. ఏదో తేడా కొడుతోంది."

ఆ పుస్తకం తెమ్మన్నాను. తిరగేస్తే ప్రతి వారం అదే వరస. సోమవారం పొద్దున అన్నిటికంటే తక్కువ, బుధ, శనివారాల పొద్దున అన్నిటికంటే ఎక్కువ. సోమవారానికి ముందు రెండు రెస్ట్ రోజులున్నాయి. బుధ, శనివారాలకు ముందు రెండేసి జిమ్ రోజులున్నాయి. 700 క్యాలరీల తేడా అంటే దాదాపు 200 గ్రాముల బియ్యం, అందులో పిండిపదార్థం 150 గ్రాముల పైమాటే. ఒంట్లో దాచుకునే ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో పాటు మూడు గ్రాముల దాకా నీరు నిలుస్తుంది. ఆ 150 గ్రాములూ నిల్వకు చేరితే నీటితో కలిపి అరకిలో దాటిపోతుంది. మిగతాది కడుపులో ఉన్న తిండి, కూరలో ఉప్పు పట్టి ఉంచిన నీరు. తొమ్మిది వందల గ్రాముల కొవ్వు రెండు రోజుల్లో పెరగాలంటే ఖర్చు పోను ఏడు వేల క్యాలరీల దాకా అదనంగా తినాలి. మా వాడు తిన్నది అతని ఖర్చు కంటే తక్కువే.

సైక్లింగ్ చేసేవాళ్లు రోజు బరువును రోజు బరువుతో పోలిస్తే పిచ్చెక్కుతుంది. సోమవారాన్ని సోమవారంతో పోల్చాలి. లేదా ఏడు రోజుల సగటు తీసి, పోయిన వారం సగటుతో పోల్చాలి. అలా తీస్తే మా వాడి బరువు వారానికి 300 నుంచి 400 గ్రాముల చొప్పున తగ్గుతూనే ఉంది. రోజూ ఒకేలా తినేవాళ్లకు ఈ ఊగిసలాట తక్కువ. నిజంగా తగ్గుతున్నామా లేదా అన్నది తొందరగా తెలుస్తుంది. ఒకే మోతాదుకు ఉన్న పెద్ద లాభం ఇదే అంటాను నేను.

రెండో తప్పు చేతి గడియారం దగ్గర. మా వాడి స్మార్ట్‌వాచ్ ఒక జిమ్ సాయంత్రానికి 520 క్యాలరీలు చూపించింది. ఆ ధైర్యంతో పట్టిక మీద ఇంకో ప్లేటు అటుకుల ఉప్మా లాగించాడు. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇలాంటి ఏడు పరికరాలను పరీక్షించారు. గుండె వేగాన్ని చాలావరకు సరిగానే చూపించాయి. క్యాలరీల దగ్గర మాత్రం అన్నిట్లోకీ మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం తప్పింది. పైగా కొన్ని గడియారాలు చూపించే అంకెలో, ఊరికే కూర్చున్నా ఖర్చయ్యే గంటకు 70 క్యాలరీలు కూడా కలిసే ఉంటాయి. జిమ్ రోజుకు ఎక్కువ కేటాయించాక, గడియారం చెప్పిందని ఇంకాస్త కలిపితే ఒకే కసరత్తుకు రెండుసార్లు కూలి తీసుకున్నట్టే.

మూడోది నూనె. ఒక పెద్ద చెంచా నూనెలో 120 క్యాలరీలు. పోపులో కంటి అంచనాతో ఒక చెంచా అటూ ఇటూ అయితే, జిమ్ రోజుకూ రెస్ట్ రోజుకూ ఉండాల్సిన తేడాలో సగం అక్కడే పోయింది. నూనె సీసాకు కొలత లేని వంటింట్లో, రోజుకో అంకె పెట్టుకుని తినడం తూకం రాళ్లు లేకుండా బంగారం అమ్మడం లాంటిది. నెలకు ఇంట్లో ఎన్ని లీటర్ల నూనె వస్తోంది, ఎంతమంది తింటున్నారు అన్నది చూస్తే చాలు. ముగ్గురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్లు అయిపోతుంటే ఒక్కొక్కరికి రోజుకు 270 క్యాలరీలు నూనెలోనే వెళ్తున్నాయి.

నాలుగో తప్పు ఆదివారం. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఎవరికి పనికొస్తుంది

అలాగని సైక్లింగ్ అంతా వట్టిదని కాదు. జిమ్ రోజుకూ రెస్ట్ రోజుకూ ఖర్చులో నిజంగా పెద్ద తేడా ఉన్నవాళ్లు ఉంటారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కు తయారయ్యేవాళ్లను చూడండి. పరుగుకు ఒక కిలో బరువుకు, ఒక కిలోమీటరుకు దాదాపు ఒక క్యాలరీ ఖర్చవుతుంది. 68 కిలోల మనిషి ఆదివారం తెల్లవారుజామున 30 కిలోమీటర్లు పరుగెడితే 2000 క్యాలరీల పైన. మర్నాడు విశ్రాంతి. ఈ రెండు రోజులకూ ఒకే కంచం పెట్టడం తెలివైన పని కాదు. పరుగు రోజున, ముందు రోజు రాత్రి, పరుగయ్యాక కొన్ని గంటల్లో అన్నం, అరటిపండ్లు, బెల్లం లాంటివి బాగా పెంచాలి. వారాల తరబడి పరుగుకు తగ్గట్టు తినకపోతే ఆడవాళ్లలో నెలసరి ఆగిపోవడం, ఎముకల్లో సన్నని బీటలు, ఎప్పుడూ నీరసం లాంటివి వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి ఒక పేరే పెట్టి హెచ్చరించింది. వరి నాట్ల రోజుల్లో పొలానికి పెద్ద సద్దిమూట పంపిన మన పెద్దవాళ్లకు ఈ సూత్రం ఏ ప్రయోగం లేకుండానే తెలుసు.

కాబట్టి నేను చూసే గీటురాయి ఒకటే. రెండు రోజుల ఖర్చుల మధ్య తేడా ఎంత? 200, 300 అయితే రోజూ ఒకే మోతాదు చాలు. వెయ్యి దాటితే రోజును బట్టి తినాల్సిందే. మధ్యలో ఉన్నవాళ్లు తమ వీలును బట్టి చూసుకోవచ్చు.

చేసేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పెంచినా తగ్గించినా అది బియ్యం, రొట్టె, పండ్ల దగ్గరే జరగాలి. పప్పు, గుడ్లు, పెరుగు, చికెన్ ఏ రోజూ తగ్గకూడదు. 49 ప్రయోగాలను కలిపి చూసిన 2018 నాటి విశ్లేషణ ప్రకారం, కిలో బరువుకు రోజుకు 1.6 గ్రాముల ప్రొటీన్ దాటాక సగటున కండకు అదనపు లాభం కనిపించలేదు. మా వాడికి ఆ లెక్కన 125 గ్రాములు, అదీ ఏడు రోజులూ. రెస్ట్ రోజున కండరం పని చేస్తూనే ఉంటుందని పైన చెప్పుకున్నాం కదా, ఆ రోజు ప్రొటీన్ కోయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

షుగరుకు ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా రోజుకో మోతాదు తినకూడదు. మందు మోతాదు అదే ఉండి తిండి ఒక్కసారిగా తగ్గితే రక్తంలో చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దాని గుర్తులు.

మళ్లీ ఆదివారం

ఆరు వారాల నోటు పుస్తకంలో బరువుల పక్కన మా వాడు తిన్నది కూడా రాసుకున్నాడు. జిమ్ రోజుల్లో అంకెలు బాగానే ఉన్నాయి. బుధవారాలూ పర్వాలేదు. చెడింది శని, ఆదివారాల్లో. శనివారం స్నేహితులు, ఆదివారం ఇల్లు. 1600 రాయాల్సిన చోట 2200, 2500, ఒక ఆదివారమైతే ఏమీ రాయకుండా గీత. మొదటి ఆదివారం కీరా ముక్కలతో కూర్చున్న మనిషి, ఐదో ఆదివారానికి వంటింట్లో నిలబడి మూకుడు అడుగున గీకి తిన్నాడని అత్తయ్య చెప్పింది. జిమ్ సెలవు రోజునే మన ఇళ్లలో ముక్క వండుతారు. పట్టిక జిమ్ క్యాలెండర్ చూసుకుని రాశారు, ఆకలి ఇంటి క్యాలెండర్ చూసుకుంటుంది.

ఇద్దరం కూర్చుని మళ్లీ లెక్క వేశాం. వారానికి 14,000 అలాగే ఉంచాం. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకు 1900, జిమ్ ఉన్నా లేకపోయినా. ఆరు రోజులకు 11,400. ఆదివారానికి 2600 మిగిలాయి. అందులో మటన్ ఉంది, అన్నం ఉంది, అత్తయ్య చేసే గారెలు కూడా రెండు పట్టాయి.

"రెస్ట్ రోజున ఇంత తింటే కొవ్వు అవదా బావా?" అన్నాడు.

"నువ్వు కాళ్ల కసరత్తు చేసేది ఎప్పుడు?"

"సోమవారం. స్క్వాట్స్."

సోమవారం సాయంత్రం ఏడింటికి అతను భుజాల మీద ఎత్తే బరువుకు ఆదివారం తిన్న అన్నం సరిగ్గా వేళకు అందుతుంది. పోయిన వారం ఆ బరువుకు ఇంకో ఐదు కిలోలు కలిపానని మెసేజ్ పెట్టాడు. కండ పెరిగిందా అంటే అంత తొందరగా చెప్పలేం, అర్ధాకలితో ఎత్తడం మానేశాడు, అంతే. అత్తయ్యకు మాత్రం ఆ ఐదు కిలోల గొడవ పట్టలేదు. ఆదివారం కంచం తెచ్చుకుని అందరితో పాటు కూర్చుంటున్నాడా లేదా అన్నదే ఆవిడ లెక్క.